బొమ్మ బరువు, బొమ్మ మాట

2024 సంక్రాంతి సెలవుల్లో లేపాక్షి వెళ్లొచ్చి, చూసినదంతా ఒక వ్యాసంగా రాసి నెట్‌లో పెట్టాను. ఫోనుతో తీసిన ఫోటోల్లోంచి ఆరు ఏరుకుని మధ్యమధ్యలో చేర్చాను. రెండు రోజుల తర్వాత మడకశిర దగ్గరి పల్లె నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. నలభై దాటాక గ్లాకోమాతో అక్కకు చూపు పోయింది. అంతకు ముందు పుస్తకాల పురుగు. ఇప్పుడు ఫోను చదివి వినిపిస్తుంటే వింటుంది.

"ఏమిరా, నంది గురించి బాగా చెప్తా చెప్తా మధ్యలో ఈ అంకెలేంది? ఐఎమ్‌జీ, రెండు, సున్నా, రెండు, నాలుగు అని లెక్క చదువుతా ఉంది ఫోను. ముందు అది తెరుచుకునేదానికే నిమిషం పట్టింది. సరేలే అని కూర్చుంటే ఈ లెక్కలు," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఫోను పెట్టేసి కంప్యూటర్ తెరిచి చూస్తే అక్క చెప్పినవి రెండూ నిజమే. నేను పెట్టిన ఒక్కో ఫోటో 4 ఎంబీ పైమాట. ఒక్క ఫోటోకు కూడా అందులో ఏముందో చెప్పే మాట లేదు. ఫోటో మీద నొక్కితే పెద్దదయ్యేలా లింకు ఉండటంతో, చదవడానికి వేరే మాటేదీ దొరకక ఆమె ఫోను ఆ ఫైలు పేరునే చదివింది. కెమెరా పెట్టిన పేరు అది: IMG_20240114_103522.jpg. ఒక్కో అంకె, ఒక్కో అడ్డగీత, ఆరుసార్లు.

ఆ వ్యాసాన్ని బాగుచేయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోయింది. ఆ మధ్యాహ్నం చేసిన పనే ఇక్కడ చెబుతున్నాను.

మొదట బరువు సంగతి. మామూలు ఫోను తీసే 12 మెగాపిక్సెల్ ఫోటో అడ్డంగా 4000 చుక్కలు, నిలువుగా 3000 చుక్కలు ఉంటుంది. మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు రాసుకోవడానికి 3 బైట్లు పడతాయి కాబట్టి, ఉన్నదున్నట్టు దాస్తే 36 ఎంబీ అవుతుంది. కెమెరా దాన్ని జేపెగ్‌గా కుదించి 4 ఎంబీ చేస్తుంది. మనం అదేదో చిన్నదే అనుకుని అలాగే ఎక్కించేస్తాం.

అయితే చదివేవాళ్ల ఫోను తెర అడ్డంగా ఎన్ని చుక్కలుంటుంది? చవక ఫోన్లలో 720, కాస్త మంచివాటిలో 1080. కంప్యూటర్ మీద కూడా వ్యాసం ఉండే నిలువు పట్టీ తెరంతా పరుచుకోదు, అందులో పట్టేది 700 లేదా 800 చుక్కల వెడల్పే. 4000 చుక్కల ఫోటో పంపితే ఫోను దాన్నంతా దించుకుని, విప్పి, తన తెరకు సరిపడా నలిపి, మిగతాది పారేస్తుంది. దించుకున్న డేటా ఖర్చు మాత్రం చదివేవారిదే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫోటోను మూల పట్టుకుని లాగి చిన్నది చేస్తే చిన్నదైపోయింది అనుకుంటారు. అలా చేస్తే మారేది కనబడే కొలతే. ఫైలు అదే, బరువు అదే, 4 ఎంబీ మొత్తం వెళ్తూనే ఉంటుంది. ఫైలునే చిన్న కొలతకు తిరిగి తయారు చేయాలి.

నేను అన్నిటినీ 1200 చుక్కల వెడల్పుకు తెచ్చాను. అది ఫోన్లకు సరిపోతుంది, కంప్యూటర్ పట్టీకి కాస్త మిగులుతుంది. 4000 నుంచి 1200కు దిగడం అంటే మూడో వంతు కంటే తక్కువ అనిపిస్తుంది కానీ, ఎత్తు కూడా అదే పాళ్లలో 900కు దిగుతుంది కదా. చుక్కల లెక్కన కోటీ ఇరవై లక్షలు కాస్తా పది లక్షల ఎనభై వేలవుతాయి, అంటే పదకొండో వంతు. కుదింపులో ఎన్ని కిటుకులున్నా ఈ ఒక్క మెట్టు ఇచ్చినంత లాభం వేరేదీ ఇవ్వదు. సమయం లేనివాళ్లు ఇదొక్కటి చేసి ఊరుకున్నా చాలా వరకు పని జరిగినట్టే.

దీనికి నేను వాడింది squoosh.app. గూగుల్‌లో క్రోమ్ పనిచేసే బృందం 2018లో విడుదల చేసిన ఉచిత పరికరం. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఫోటో ఏ సర్వరుకూ వెళ్లదు, పనంతా మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది. తెర మధ్యలో నిలువు గీత ఒకటి ఉంటుంది. దానికి ఎడమన అసలు ఫోటో, కుడిన కుదించినది. గీతను అటూ ఇటూ జరుపుతూ ఏం పోయిందో కళ్లారా చూసుకోవచ్చు. కుడి వైపు Resize దగ్గర వెడల్పు 1200 అని రాసి, కింద Quality అనే మీటను జరుపుతూ పోవడమే.

ఆ క్వాలిటీ అంకె శాతం కాదు. 80 అంటే ఎనభై శాతం బొమ్మ మిగిలిందని అర్థం కాదు. జేపెగ్ బొమ్మను అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో వెలుగు నెమ్మదిగా మారే భాగాన్ని జాగ్రత్తగా రాసుకుంటుంది, చటుక్కున మారే సన్నని వివరాన్ని ఉజ్జాయింపుగా రాసుకుంటుంది. అంకె తగ్గించిన కొద్దీ ఆ ఉజ్జాయింపు మోటుగా తయారవుతుంది. 100 నుంచి 80కి దిగితే ఫైలు సగానికి పైగా తగ్గినా కంటికి తేడా తెలియదు. 50 దాటి కిందికి దిగితే ఆకాశంలో గళ్లు తేలతాయి, అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు మరకలు కనబడతాయి.

ఏ ఫోటోకు ఎంత అన్నది ఆ ఫోటోయే చెబుతుంది. లేపాక్షి నంది ఒకే రాతిలో చెక్కినది. గరుకు రాయి, మెడలో గంటల పట్టెడ, వెనక చెట్లు. ఇలాంటి గజిబిజి ఉపరితలం కుదింపు మరకలను తనలో కలిపేసుకుంటుంది. క్వాలిటీ 75 దగ్గర పెట్టినా గీత అటు ఇటు జరిపి చూస్తే నాకు తేడా దొరకలేదు. 4.1 ఎంబీ ఫోటో 240 కేబీ అయింది. అదే ఫోటోను వెబ్‌పీ అనే రకంలో దాస్తే 170 కేబీకి వచ్చింది. వెబ్‌పీని గూగుల్ 2010లో తెచ్చింది. ఐఫోన్ల బ్రౌజర్ 2020 దాకా దాన్ని తెరిచేది కాదు. ఇప్పుడు వాడుకలో ఉన్న బ్రౌజర్లన్నీ తెరుస్తాయి కనుక జంకక్కర్లేదు.

పైకప్పు చిత్రం దగ్గర కథ అడ్డం తిరిగింది. వీరభద్రాలయం నాట్యమండపం కప్పు మీద విజయనగర కాలపు చిత్రాలున్నాయి. ఎర్రని నేల మీద సన్నని నల్లగీతలతో మనుషులను గీసి, చీరల మీద చారలూ గళ్లూ అద్దకంలా నింపారు. నందికి పెట్టిన కొలతే పార్వతీ కల్యాణం ఫోటోకూ పెట్టాను. బాగానే ఉందనుకుని దగ్గరికి జరిపి చూస్తే, చీరల చారలు మసకబారాయి, ఎరుపు నల్లగీత మీదికి చిమ్మినట్టుంది. ఎందుకు?

మనిషి కన్ను వెలుగునీడల తేడాను సన్నగా పట్టుకుంటుంది గానీ రంగు తేడాను అంత సన్నగా పట్టుకోలేదు. దాన్ని ఆసరా చేసుకుని ఈ కుదింపు పద్ధతులు వెలుగును పూర్తి కొలతలో, రంగును సగం వెడల్పులో, సగం ఎత్తులో దాస్తాయి. అంటే నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు. కొండా చెట్టూ ఉన్న ఫోటోలో ఇది ఎవరికీ తెలియదు. ముదురెరుపు పక్కన నల్లగీత ఉన్నచోట మాత్రం బయటపడిపోతుంది. మామూలు వెబ్‌పీలో ఈ రంగు కోతను ఆపే వీలు లేదు. జేపెగ్‌లో ఉంది. స్క్వూష్‌లో MozJPEG ఎంచుకుని, లోపలి అమరికల్లో chroma subsampling అనే దాన్ని 1కి తెస్తే రంగు కూడా పూర్తి కొలతలో ఉంటుంది. అలా చేసి, క్వాలిటీ 85 పెడితే 310 కేబీ వచ్చింది. నందికి దాదాపు రెట్టింపు. ఆ చిత్రం చూపించడమే వ్యాసం ఉద్దేశం కాబట్టి ఆ బరువు ఇవ్వాల్సిందే. కలంకారీ, పోచంపల్లి చీర, చేతిరాత ఇలాంటివి పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆరు ఫోటోలూ కలిపి ముందు 25 ఎంబీ, తర్వాత 1.2 ఎంబీ. అక్క ఊళ్లో సిగ్నల్ సెకనుకు 4 మెగాబిట్లు ఉందనుకుందాం. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి 25 ఎంబీ అంటే 200 మెగాబిట్లు, దిగడానికి 50 సెకన్లు. 1.2 ఎంబీకి రెండున్నర సెకన్లు చాలు. నిమిషం పట్టిందన్న మాటలో అతిశయమేమీ లేదు.

కుదించేటప్పుడు నాకు ఎదురైన చిక్కులు కొన్ని చెప్పాలి. కుదించిన దాన్ని అసలు ఫోటో మీదే సేవ్ చేయకూడదు. జేపెగ్‌ను తెరిచి మళ్లీ జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ ఇంకొంచెం నష్టపోతుంది, పోయింది తిరిగి రాదు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో అయితే అప్పటికే ఒకసారి నలిగింది. దాన్ని మళ్లీ కుదిస్తే మొహాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. తీసినవారిని అడిగి అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపించుకోవడం మేలు. ఫోన్ తెర మీది దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెడుతుంటే, అందులో అక్షరాలూ సూటి గీతలూ ఉంటాయి కనుక పీఎన్‌జీ నయం. అదే పీఎన్‌జీలో కొండా గుడీ ఉన్న ఫోటోను దాస్తే జేపెగ్ కంటే ఎన్నో రెట్లు బరువెక్కుతుంది.

ఇంకొకటి, ఇది బరువుకు సంబంధించింది కాదు. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో ఎక్కడ తీశామో అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైలు లోపల రాసి ఉంటుంది. గుడి ఫోటోకు ఫరవాలేదు. ఇంట్లో పిల్లల ఫోటోకు మాత్రం అది మన ఇంటి చిరునామా. స్క్వూష్ నుంచి బయటికొచ్చే ఫైలులో ఆ వివరం ఉండదు. వేరే పరికరం వాడేవాళ్లు అది తీసేస్తుందో లేదో చూసుకోవాలి.

బరువు దిగింది. ఇక మాట.

వెబ్‌లో బొమ్మను చేర్చే ఆదేశంలో alt అని ఒక గడి ఉంది. ఆల్ట్ టెక్స్ట్ అంటారు, బొమ్మ బదులు వాడే మాట అని అర్థం. ఇది ఈ మధ్య వచ్చిన సౌకర్యం కాదు. 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ రెండో కూర్పులోనే ఉంది. అప్పట్లో అక్షరాలు తప్ప బొమ్మలు చూపలేని బ్రౌజర్లు చాలా వాడుకలో ఉండేవి. ఇప్పుడు దాని మీద ఎక్కువగా ఆధారపడేది స్క్రీన్ రీడర్లు వాడేవాళ్లు. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉచితం. దాన్ని 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ కూడా చూపు లేనివాడే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షలకు పైనే.

అదే మాట సిగ్నల్ అందక బొమ్మ దిగనప్పుడు ఆ ఖాళీ గడిలో కూడా కనబడుతుంది. కళ్లున్న పాఠకుడికి కూడా అప్పుడు అదే దిక్కు.

వర్డ్‌ప్రెస్ లాంటి చోట్ల ఫోటో ఎక్కించగానే పక్కన Alternative Text అనే గడి కనబడుతుంది, దాన్ని నింపితే చాలు. చేత్తో రాసేవాళ్లకు ఇలా ఉంటుంది:

```
<img src="lepakshi-nandi.webp"
     width="1200" height="900"
     alt="ఒకే రాతిలో చెక్కిన పెద్ద నంది. పక్కన
          నిల్చున్న మనుషులు దాని ముందు పొట్టిగా ఉన్నారు.">
```

అందులో ఉన్న width, height గురించి ఒక్క మాట. అవి చెబితే బొమ్మ దిగకముందే బ్రౌజర్ దానికి చోటు అట్టేపెడుతుంది. చెప్పకపోతే మీరు రెండో పేరా చదువుతుండగా పైన బొమ్మ వచ్చి పడి, చదువుతున్న వాక్యం కిందికి జారిపోతుంది. వెతుక్కోవాలి. కింది బొమ్మలకు loading="lazy" అని కూడా చేర్చవచ్చు, అప్పుడు పాఠకుడు దగ్గరికి వచ్చేదాకా అవి దిగవు. పైన మొదట కనబడే బొమ్మకు మాత్రం అది పెట్టకూడదు, పెడితే అదే ఆలస్యంగా వస్తుంది.

ఆ గడిలో ఏం రాయాలన్నదే అసలు కష్టం. వేలాడే స్తంభం ఫోటోతో నేను మూడుసార్లు తంటాలు పడ్డాను. మొదట "స్తంభం" అని రాశాను. అబద్ధం కాదు, కానీ ఆ మండపంలో స్తంభాలు డెబ్బై దాకా ఉన్నాయి. రెండోసారి "లేపాక్షి, వేలాడే స్తంభం, వీరభద్ర ఆలయం, హిందూపురం, చూడదగ్గ ప్రదేశాలు" అని రాశాను. వెతికేవాళ్లకు గూగుల్‌లో దొరకాలని చాలామంది ఇలా రాస్తారు. వినేవాళ్లకు అది ఊరి బస్టాండులో బస్సుల పేర్లు చదివినట్టుంటుంది, ఫోటోలో ఏముందో మాత్రం తెలియదు. అప్పుడు అక్కకే ఫోన్ చేశాను.

"అక్కా, ఒక స్తంభం ఫోటో ఉంది, ఏం చెప్పమంటావు?" అన్నాను.

"వేలాడే స్తంభమేనా? దాని కింద సందు కనబడుతుందా? ఎంత సందు, చెయ్యి పడుతుందా? ఎవరన్నా గుడ్డ దూరుస్తా ఉన్నారా?" అని వరసగా అడిగింది.

ఆమె అడిగిన ప్రశ్నలకు జవాబే నేను రాయాల్సింది. "రాతి స్తంభం అడుగుకూ నేలకూ మధ్య సన్నని సందు. ఒకామె నేల మీద కూర్చుని పల్చటి గుడ్డను ఆ సందులో ఒక వైపు నుంచి దూర్చి మరో వైపు లాగుతోంది." ఇదీ చివరికి కుదిరిన మాట. ఇందులో "ఫోటో" అన్న మాట లేదు. బొమ్మ అన్న సంగతి స్క్రీన్ రీడరే ముందు చెబుతుంది, మనం మళ్లీ "ఇది ఒక ఫోటో" అనక్కర్లేదు. ఆలయం కట్టించిన విరూపణ్ణ గురించి కూడా లేదు. అది ఫోటోలో కనబడేది కాదు, అందరికీ తెలియాల్సింది. కాబట్టి వ్యాసంలోనో ఫోటో కింది వ్యాఖ్యలోనో ఉండాలి. ఫోటో కింద రాసిన వ్యాఖ్యనే ఆల్ట్‌లో మళ్లీ అతికిస్తే వినేవాళ్లు ఒకే వాక్యాన్ని వెంటవెంటనే రెండుసార్లు వింటారు.

ఎంత పొడవు రాయాలని అడుగుతారు. ప్రమాణాల్లో అక్షరాల లెక్క ఏదీ లేదు. కానీ వ్యాసాన్ని పేరా పేరాగా ఆపుకుంటూ, వెనక్కి వెళ్తూ వినవచ్చు. ఆల్ట్ మాత్రం ఒకే ముద్దగా వినిపిస్తుంది, మధ్యలో దాటేస్తే మొత్తం పోతుంది. ఒకటి రెండు వాక్యాల్లో ఆగడం అందుకే. పార్వతీ కల్యాణం చిత్రానికి రెండు వాక్యాలు ఏ మూలకూ చాలవు. దానికి ఆల్ట్‌లో "పైకప్పు చిత్రం: ఎర్రని నేపథ్యంలో శివపార్వతుల కల్యాణం, చుట్టూ రకరకాల చారల చీరల్లో స్త్రీలు" అని ఆగి, చీరల గురించి వ్యాసంలోనే ఒక పేరా పెంచాను. చూపున్న పాఠకులు కూడా ఆ పేరా చదివాకే చీరలను గమనించామని ఉత్తరాలు రాశారు.

ఒకే ఫోటోకు అన్నిచోట్లా ఒకే ఆల్ట్ సరిపోదు కూడా. నా వ్యాసం యాత్ర గురించి కాబట్టి నంది ఎంత పెద్దదో చెప్పడం ముఖ్యం, పక్కనున్న మనుషులను చెప్పాను. అదే ఫోటోను శిల్పకళ గురించి రాసినవారు వాడితే మెడలోని గంటలు, చెక్కిన హారాలు చెప్పాలి, మనుషులను వదిలేయాలి. ఈ బొమ్మ ఇక్కడ ఎందుకు పెట్టావు అని ఎవరైనా నిలదీస్తే వచ్చే జవాబే దాని ఆల్ట్.

జవాబు లేని బొమ్మలూ ఉంటాయి. నా వ్యాసంలో భాగానికీ భాగానికీ మధ్య తీగ ముగ్గు లాంటి గీత ఒకటి పెట్టాను. అందానికి తప్ప దానికి పనేమీ లేదు. అలాంటి దానికి alt="" అని ఖాళీగా ఉంచాలి. ఖాళీగా ఉంచడం వేరు, అసలు పెట్టకపోవడం వేరు. ఖాళీగా ఉంటే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను మౌనంగా దాటిపోతుంది. గడే లేకపోతే ఇది ముఖ్యమేమోనని ఫైలు పేరో, పేరు లేని బొమ్మ అనో చదువుతుంది. అక్కకు వినబడిన అంకెలు అలా వచ్చినవే.

ఆరో ఫోటో గుడి వేళలు రాసిన బోర్డు. దాని ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. ఆల్ట్‌లో "గుడి వేళల బోర్డు" అని రాస్తే వేళలు తెలియవు. వేళలన్నీ ఆల్ట్‌లో కుక్కితే చూపున్నవాళ్లు కాపీ చేసుకోలేరు, వెతికితే దొరకవు. ఆ ఫోటో తీసేసి వేళలను వ్యాసంలో అక్షరాలుగా టైపు చేశాను. మన తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. డీటీపీ కోసం వాడే పాత ఫాంట్లలో కంపోజ్ చేసినది నెట్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. అందుకని పద్యాలు, కథలు, సభల ఆహ్వానాలు, నోటిఫికేషన్లు అన్నిటినీ బొమ్మగా మార్చి పెట్టడం మనకు ఏళ్ల తరబడి అలవాటైంది. కంటికి అది తెలుగు. చెవికి అక్కడ ఏమీ లేదు. యూనికోడ్‌లో ఉన్న తెలుగును అక్క ఫోను చక్కగా చదువుతుంది. బొమ్మలోని తెలుగు దగ్గర మౌనంగా ఉండిపోతుంది. ఒక పేజీ కథ బొమ్మగా వెయ్యి కేబీ బరువుంటే, యూనికోడ్ అక్షరాలుగా పది కేబీలు కూడా ఉండదు. కథను కథగా టైపు చేస్తే బరువూ మాటా రెండూ ఒక్క దెబ్బతో తేలిపోతాయి.

తెలుగుకు సంబంధించి ఇంకో చిక్కు నా సైట్‌లోనే దొరికింది. నేను వాడే టెంప్లేటు అమెరికాలో తయారైంది. పేజీ మొదటి వరుసలో lang="en" అని ఉంది, అంటే ఈ పేజీ ఇంగ్లిష్ అని. చాలా స్క్రీన్ రీడర్లు ఆ గుర్తును చూసి గొంతు ఎంచుకుంటాయి. ఇంగ్లిష్ గొంతుకు తెలుగు అక్షరాలు చదవడం రాదు, మింగేస్తుంది. దాన్ని ఇలా మార్చాలి:

```
<html lang="te">
```

సైట్ అమరికల్లో భాషను తెలుగు అని ఎంచుకుంటే చాలా చోట్ల ఇది దానంతటదే మారుతుంది. మారిందో లేదో పేజీ సోర్స్ తెరిచి మొదటి రెండు వరుసలు చూస్తే తెలిసిపోతుంది.

అన్నీ అయ్యాక పరీక్ష. ఆండ్రాయిడ్ ఫోనులో సౌండు పెంచే, తగ్గించే బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కితే చాలా ఫోన్లలో టాక్‌బ్యాక్ మొదలవుతుంది. మొదటిసారి అయితే అనుమతి అడుగుతుంది. మళ్లీ అలాగే నొక్కితే ఆగుతుంది. ఇది ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే అది నడుస్తున్నప్పుడు ఒకసారి తాకితే చదవడమే, రెండుసార్లు తడితేనే నొక్కినట్టు. తెరను బోర్లించి, వేలితో కుడికి జరుపుతూ నా వ్యాసమంతా విన్నాను. నంది ఆల్ట్‌లో ఒక తప్పు అలా విన్నప్పుడే దొరికింది. మాటల మధ్య కోట్ గుర్తు ఒకటి పెట్టాను. ఆల్ట్ మొత్తం కోట్ గుర్తుల మధ్యే ఉంటుంది కాబట్టి, నా గుర్తు దగ్గరే అది ముగిసిపోయి సగం వాక్యం గల్లంతైంది. కంటితో పేజీ చూస్తే ఇది ఎప్పటికీ తెలియదు.

బరువుకు పరీక్ష కంప్యూటర్‌లో. క్రోమ్‌లో F12 నొక్కి, Network అనే చోట వేగాన్ని Slow 4G అని ఎంచి పేజీని మళ్లీ తెరిస్తే, బొమ్మలు ఒక్కొక్కటీ ఎంత బరువుతో, ఎంత ఆలస్యంగా వస్తున్నాయో వరసగా కనబడుతుంది. అక్కడ 500 కేబీ దాటిన ప్రతి వరుస దగ్గరా ఆగి, ఇంత ఎందుకైందో చూడాలి. నాకు అక్కడ ఒకటి దొరికింది. పేజీ పైన నా పేరు పక్కన పెట్టిన బొటనవేలంత నా సొంత ఫోటో, 3 ఎంబీ.

వారం తర్వాత అక్క మళ్లీ ఫోన్ చేసింది. పేజీ వెంటనే తెరుచుకుందట. నాగలింగం దగ్గర ఆగిపోయిందట. "ఏడు పడగల పాము చుట్టల మధ్య నల్లని శివలింగం అని చెప్పావు. బాగుంది. పడగలు లింగం మీదికి వంగి ఉన్నాయా, నిటారుగా ఉన్నాయా?" అని అడిగింది. ఫోటో తీసి చూసి చెప్పాను: లింగం వెనక నుంచి లేచి, గొడుగు పట్టినట్టు పైన విప్పుకుని ఉన్నాయి. ఆ మాట కూడా ఆల్ట్‌లో చేర్చాను.

మీరు రాసి నెట్‌లో పెట్టిన వాటిలో ఎక్కువమంది చదివేది ఏదో మీకు తెలుసు. ఈ ఆదివారం దాన్ని ఒక్కదాన్నే తెరిచి, బొమ్మలను 1200 వెడల్పుకు దించి, ఒక్కోదానికి ఒక వాక్యం రాసి, టాక్‌బ్యాక్‌లో ఒకసారి వినండి.